ఫొటో చూసి అది కారు సీటో స్ట్రోలర్ సీటో ఎలా కనిపెట్టాలి

పిల్లలూ,

అక్కకి నెలలు దగ్గర పడ్డాయి కదా, తెలిసినవాళ్ళు మా దగ్గర సీటుంది స్ట్రోలరుంది అంటూ ఫొటోలు పంపుతుంటే మీరు వాటిని నాకు పంపి "ఇదేంటి పెద్దమ్మా" అని అడుగుతున్నారు. ఎలా చూడాలో చెప్తా, ఇకమీదట మీరే చూసుకోండి. అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది కార్లో పెట్టేదా, స్ట్రోలర్ మీద మాత్రమే ఉండేదా అని, ఎందుకంటే స్ట్రోలర్ సీటు గుద్దుకుంటే తట్టుకునేలా చేసింది కాదు, దాన్ని కార్లో కట్టినా బిడ్డకి రక్షణ ఉండదు.

నిన్న వచ్చిన బూడిద రంగు సీటు ఫొటోనే తీసుకుందాం. చక్రాల ఫ్రేమ్ మీద ఉంది కాబట్టి మీరు స్ట్రోలర్ అన్నారు. దాని పైన వంపు తిరిగిన కడ్డీ ఉంది చూడండి. స్ట్రోలర్ సీటుకి కూడా కడ్డీ ఉంటుంది కానీ అది బిడ్డ పొట్ట ముందు అడ్డంగా పోతుంది. ఇది మాత్రం సీటు రెండు పక్కలా మధ్యలో గుండ్రటి కీలు దగ్గర మొదలై బిడ్డ తల పైనుంచి పోతోంది, అంటే చేత్తో పట్టుకుని మోసే హ్యాండిల్. ఇప్పుడు గుడ్డ కింద అంచు చూడండి, అంతా ఒకే గట్టి ప్లాస్టిక్ తొట్టి, పక్కన కారు బెల్టు దూర్చే కొక్కెంలాంటి గాడి. ఈ మూడూ కలిస్తే అది పసిబిడ్డని వెనక్కి తిప్పి కూర్చోబెట్టే కారు సీటు. కింద ఉన్న ఫ్రేమ్ వేరే, మధ్యలో రెండు వైపులా అడాప్టర్లు పెట్టి దాన్ని దానిమీద బిగించారు అంతే.

బిడ్డని సీటుకి కట్టి ఉంచే బెల్టుల అమరిక, అంటే హార్నెస్ కూడా చాలా చెప్తుంది. కారు సీట్లో మామూలుగా భుజాల బెల్టులు రెండూ వీపు వెనక్కి పోయి అక్కడ ఒక మెటల్ ప్లేటుకి తగులుకుంటాయి, కాళ్ళ మధ్య ముందు అంచు నుంచి ఒకే ఒక పట్టీ బయటికి వేలాడుతుంది, దాన్ని లాగితే రెండూ ఒకేసారి బిగుస్తాయి. బకిల్ బరువుగా, ఎర్ర బటన్‌తో ఉంటుంది. స్ట్రోలర్‌లో ఎక్కువగా ఒక్కో బెల్టుకి విడివిడిగా ప్లాస్టిక్ స్లైడర్లు, బకిల్ కూడా ప్లాస్టిక్‌దే. కానీ ఈ ఒక్క గుర్తుతో తేల్చేయకండి, కొన్ని స్ట్రోలర్లలో కూడా ఒకే లాగుడు పట్టీ ఉంటుంది, పసిబిడ్డ కారు సీట్లలో మూడే బెల్టులున్నవీ ఉన్నాయి. అందుకే తొట్టి, బెల్టు దారి కూడా చూడమంటున్నా.

హ్యాండిల్ లేని పెద్ద కారు సీటు వచ్చిందనుకోండి, అప్పుడు వెనక నుంచి, పక్క నుంచి తీసిన ఫొటోలు అడగండి. కారు బెల్టు దూర్చడానికి రెండు చోట్ల దారి ఉంటే, ఒకటి కాళ్ళ కింద, ఇంకోటి వీపు వెనక, అది రెండు వైపులా తిప్పి పెట్టుకునే రకం. చాలా సీట్లలో వెనక్కి తిప్పినప్పటి దారికి నీలం గుర్తు, ముందుకి తిప్పినప్పటి దారికి ఎర్ర గుర్తు ఉంటాయి. సొంత హార్నెస్సే లేకుండా కారు బెల్టే పిల్లల మీద నుంచి పోయేది బూస్టరు, అది పెద్ద పిల్లలకి, అక్క బిడ్డకి ఇప్పుడు పనికిరాదు.

స్ట్రోలర్ మడత సంగతి సులువు. విడివిడిగా రెండు కొంకి పిడులు, వెనక గుణకారం గుర్తులా అడ్డంగా కలిసిన కడ్డీలు కనిపిస్తే గొడుగు మడత, ముడిస్తే సన్నగా పొడవుగా అవుతుంది. వాటిలో చాలావాటి వీపు పూర్తిగా వాలదు, మెడ నిలవని పసిబిడ్డకి అవి వద్దు. ఒకటే అడ్డపిడి ఉండి పక్కన మధ్యలో కీలు ఉంటే పుస్తకంలా మడిచే రకం, తొట్టి సీటు బిగించుకునేవి ఎక్కువగా ఇవే. మూడు పెద్ద గాలి చక్రాలు, ముందుది తిరగకుండా లాక్ అయితే పరిగెత్తేవాళ్ళ కోసం చేసింది. ఇక బిడ్డని ఒంటికి కట్టుకుని మోసే క్యారియర్ ఫొటో వస్తే, భుజం దగ్గర రెండు రింగులుంటే రింగ్ స్లింగ్, నడుముకి వెడల్పు బెల్టు, బకిళ్ళు ఉంటే బకిల్ క్యారియర్, కట్టుకునే పొడవాటి గుడ్డే అయితే ర్యాప్.

ఇంకొకటి, రకం తెలిసినంత మాత్రాన తీసుకోవచ్చని కాదు. సీటు ఇంతకుముందు యాక్సిడెంట్‌లో ఉందో లేదో ఫొటోలో కనిపించదు, ఇచ్చేవాళ్ళని సూటిగా అడగండి, వాళ్ళు సరిగ్గా చెప్పలేకపోతే వద్దనండి. తొట్టి అడుగున లేదా పక్కన ఉండే స్టిక్కర్, ప్లాస్టిక్‌లో అచ్చు పోసిన తేదీ దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. యూరప్ నిబంధనల ప్రకారం చేసిన సీట్లలో ఆర్ 44 అని ఉంటే బరువు కేజీల్లో, ఆర్ 129 అని ఉంటే ఎత్తు సెంటీమీటర్లలో ఉంటుంది. పసిబిడ్డ తొట్టి మీద 0 నుంచి 13 కేజీలని ఉంటే మనం ఫొటో చూసి అనుకున్నది సరిపోయినట్టే. ఆ బూడిద రంగు దానికి స్టిక్కర్ ఫొటో ఇంకా రాలేదు, ఇవాళే అడిగి పంపండి.

మీ పెద్దమ్మ