ఉగాది కార్డు మీద రెండు భాషలు: అపోహలు - వాస్తవాలు

ఊళ్లో ఉన్న అమ్మమ్మ, తాతయ్య విదేశంలోని కూతురి ఇంటికి ఉగాది కార్డు పంపుతారు. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్. రెండు భాషల కార్డు అవసరం పడేది ఇలాంటి ఇళ్లలో. అందుకే ఈ ఒక్క కార్డునే పట్టుకుని మాట్లాడుకుందాం.

అపోహ: రెండు వైపులా ఒకే మాట ఉండాలి

కార్డు చప్పగా తయారయ్యేది ఇక్కడే. ముందు ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాసుకుని, దాన్ని తెలుగులోకి దింపితే ‘మీ జీవితం ఆనందంతో నింపబడాలని కోరుకుంటున్నాము’ వస్తుంది. ఏ ఇంట్లోనూ ఏ పెద్దావిడా ఇలా దీవించదు. ‘పిల్లాపాపలతో చల్లగా ఉండండి’ అంటుంది. ‘నింపబడాలని’, ‘మీకు మరియు మీ కుటుంబ సభ్యులకు’, ‘యొక్క’ కనిపిస్తే ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. ‘మీకూ మీ ఇంటిల్లిపాదికీ’ అంటే సరిపోయేచోట రెండు మాటలు అదనంగా వచ్చి కూర్చుంటాయి. తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి వెళ్లినా ఇదే గొడవ. ‘చల్లగా ఉండు’ అన్నది అక్కడ దీవెనే కాదు.

నిజానికి ఒకే కార్డును ఇద్దరు వేర్వేరు మనుషులు చదువుతారు. తెలుగు వైపు చదివేది కూతురు. ఇంగ్లిష్ వైపు చదివేది తెలుగు మాట్లాడినా చదవడం రాని మనవలు. ఇద్దరికీ ఒకే మాట చెప్పాల్సిన పని లేదు. రెండు వైపులా ఉమ్మడిగా ఉండాల్సింది ఒక్క వస్తువు మాత్రమే. ఉగాదికి ఆ వస్తువు పచ్చడి. ఆరు రుచులనూ నాలుగు పాదాల్లో కుక్కితే అది సరుకుల చీటీ అయిపోతుంది. రెండు చాలు, చేదు, తీపి.

కార్డుతో పాటు ఎండబెట్టిన వేపపువ్వు, బెల్లం పొట్లం కూడా వెళ్తున్నాయనుకుందాం. తల్లి కూతురితో అనే మాట:

వేప పువ్వూ కొత్త బెల్లం
మూట కట్టీ పంపుతున్నా
చేదు తగిలిన రోజు కూడా
తీపి వెంటే ఉందిలేమ్మా

మనవల కోసం ఇంగ్లిష్ వైపు:

ఎ లిటిల్ బిటర్, ఎ లిటిల్ స్వీట్,
వి ప్యాక్ట్ దెమ్ బోత్ ఫర్ యు టు ఈట్.
అండ్ వెన్ యు మేక్ ఎ ఫేస్, వి నో
యువర్ మదర్ డిడ్ ఇట్ లాంగ్ అగో.

పొట్లం ఒకటే, మాటలు వేరు. తెలుగులో ఉన్నది పెళ్లయి దూరం వెళ్లిన కూతురికి ధైర్యం. ఇంగ్లిష్‌లో ఉన్నది, వేపపువ్వు నోట్లో పడగానే మొహం వికారంగా పెట్టే పిల్లలకి ‘మీ అమ్మ కూడా అంతే’ అన్న చిన్న రహస్యం. ఇంగ్లిష్‌లోని ఆ చివరి రెండు పాదాలను తెలుగులోకి మార్చి కూతురి వైపు పెడితే నప్పవు. కూతురికి చెప్పినదాన్ని ఎనిమిదేళ్ల పిల్లాడికి చెబితే ఉపదేశంలా ఉంటుంది. ఇంగ్లిష్ వైపు చివర సంతకం మాత్రం ‘గ్రాండ్‌మా’ అని వద్దు. పిల్లలు పిలిచేది అమ్మమ్మ అనే, ఇంగ్లిష్ అక్షరాల్లోనైనా అదే ఉండాలి.

పొట్లం పంపకపోతే రెండో పాదం అబద్ధమవుతుంది. అప్పుడు ‘పచ్చడల్లే కలుపుకుంటే’ అని మార్చండి, నడక చెడదు. ఇంగ్లిష్ రెండో పాదాన్ని కూడా ‘యు మిక్స్ దెమ్ బోత్ బిఫోర్ యు ఈట్’ అని మార్చాలి.

అపోహ: ప్రతి పాదం చివర ప్రాస కుదిరితే పద్యం కుదిరినట్టే

ఇంగ్లిష్‌లో చాలావరకు నిజం. పైన స్వీట్–ఈట్, నో–అగో అనే జంటలే ఆ నాలుగు పాదాలనీ కట్టి ఉంచాయి. తెలుగులో అదే పని చేస్తే ‘రావాలి, కావాలి, పోవాలి, నిండాలి’ వరస తయారవుతుంది. క్రియ చివరికి రావడం మన వాక్యానికి మామూలే కాబట్టి ఆ ప్రాస ఎవరికైనా ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికింది చెవికి ఆనదు.

తెలుగు చెవి పట్టుకునేది నడకని. పై తెలుగు పాదాల్లో ప్రతిదీ మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలుగా నడుస్తుంది. హ్రస్వాక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి, సున్నా ఉన్నదానికి, ద్విత్వమో సంయుక్తమో వచ్చేముందున్న అక్షరానికి రెండు. ‘చేదు’ మూడు, ‘తగిలిన’ నాలుగు, ‘రోజు’ మూడు, ‘కూడా’ నాలుగు. వేప, మూట, చేదు, తీపి అన్నీ గురువు తర్వాత లఘువుతో మొదలవుతాయి. చివరి అక్షరాలు కలవకపోయినా నాలుగు పాదాలూ ఒక్క తల్లి బిడ్డల్లా అనిపించడానికి కారణం అదే.

రాశాక చేత్తో తాళం వేస్తూ చదవండి. ఎక్కడైనా గబగబా మింగాల్సి వస్తే అక్కడ మాత్ర ఎక్కువైనట్టు. ‘ఉందిలేమ్మా’ బదులు ‘ఉంటుందమ్మా’ పెట్టి చూడండి, ఏడుకి బదులు ఎనిమిది మాత్రలై కాలు తడబడుతుంది. తెలంగాణ ఇంటికైతే ‘ఉంటదమ్మా’ లెక్కకీ సరిపోతుంది, ఆ తల్లి నోటికీ సరిపోతుంది. ‘కట్టీ’లో లాగిన దీర్ఘం నడక కోసమే. జానపదంలో చెల్లే సౌకర్యం అది, కానీ ఒక పద్యంలో ఒక్కసారికి మించి వాడితే లాగినట్టు తెలిసిపోతుంది.

దుకాణంలో అమ్మే కార్డుకి మరో చిక్కు ఉంది. ఇంగ్లిష్ ‘యు’ అందరికీ సరిపోతుంది. తెలుగులో నువ్వా, మీరా అన్నది తేల్చుకోవాలి. కొన్నవాళ్లు తమ్ముడికి పంపుతారో, మేనత్తకి పంపుతారో మనకి తెలియదు. అప్పుడు పిలుపే లేకుండా రాయడం మేలు. చివరి పాదాన్ని ‘తీపి వెంటే నడిచి రానీ’ అని మారిస్తే ఎవరికైనా పంపొచ్చు.

అపోహ: సంవత్సరం పేరుకి ఇంగ్లిష్‌లో అర్థం చెప్పాలి

వద్దు. 2026 మార్చి 19న మొదలైనది పరాభవ నామ సంవత్సరం. పరాభవం అంటే ఓటమి, అవమానం. అర్థం చెప్పబోతే మనవలకి ‘ఓటమి సంవత్సర శుభాకాంక్షలు’ పంపినట్టవుతుంది. 2024లో వచ్చిన క్రోధికీ ఇదే ఇబ్బంది. అరవై ఏళ్ల చక్రంలో వచ్చే పేర్లివి, తెలుగు పాఠకులు వాటిని పేర్లుగానే వింటారు. తెలుగు వైపు పైన ‘శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు’ అని ఆనవాయితీగా వేయండి. ఇంగ్లిష్ వైపు ‘హ్యాపీ ఉగాది 2026’ చాలు. ఉత్త ‘హ్యాపీ న్యూ ఇయర్’ వేస్తే జనవరి కార్డు ఆలస్యంగా వచ్చిందనుకుంటారు.

అపోహ: రెండు వైపులా ఒకే సైజు, ఒకే ఎడం పెడితే సమానంగా ఉంటాయి

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. 14 పాయింట్ల ఇంగ్లిష్ అక్షరాలకి వరసకీ వరసకీ మధ్య 17 పాయింట్ల ఎడం హాయిగా ఉంటుంది. తెలుగుకి అంతే ఇస్తే ‘పువ్వూ’ కింది వత్తు ‘కట్టీ’ పైనున్న గుడిని తాకే ప్రమాదం ఉంది. 21 దాకా ఇవ్వండి. పాదం పొడుగైతే అక్షరం సైజు తగ్గించండి కానీ రెండో వరసలోకి విరగనివ్వకండి, విరిగితే తాళం పోతుంది.

అచ్చుకి పంపేముందు పీడీఎఫ్‌ని పెద్దది చేసి శ్రీ, పువ్వూ, కట్టీ, పంపుతున్నా, బెల్లం చూడండి. వత్తు కిందికి దిగకుండా పొల్లు విడిగా పక్కన నిలబడితే సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాలని కలపలేదని అర్థం. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ కంపోజర్‌ని Adobe World-Ready Paragraph Composer కి మార్చి మళ్లీ పీడీఎఫ్ తీయాలి.