ఒక ఫోను, నాలుగు పుట్టినరోజులు

లండన్ దగ్గర ఉంటున్న మా మేనకోడలు పాత సామాన్ల సంతలో రెండు వస్తువులు కొంది. ఒకటి నల్లటి డయల్ ఫోను, రెండోది గుడ్డ అల్లిక తీగ ఉన్న ఇత్తడి బల్లదీపం. ఫొటోలు పంపి, "ఫోను 1930ల నాటిదట మావయ్యా, నిజమేనా? రెండూ ప్లగ్గులో పెట్టి చూడనా?" అని అడిగింది. దీపాన్ని మాత్రం ప్లగ్గులో పెట్టొద్దని ముందు ఫోను చేసి చెప్పి, తర్వాత ఫొటోలు చూశాను.

అమ్మినవాడు పూర్తిగా అబద్ధమేమీ చెప్పలేదు. అడుగున 332 అని ఉంది, ఆ నమూనా వచ్చింది 1930ల్లోనే. కానీ నమూనా పుట్టిన ఏడాది వేరు, వస్తువు పుట్టిన ఏడాది వేరు. అప్పట్లో బ్రిటన్‌లో ఫోను ఇంటివాళ్లది కాదు, పోస్టాఫీసు వాళ్లు అద్దెకిచ్చేది. పాతబడితే వెనక్కి తీసుకుని, విప్పి, ఏ భాగం బాగుంటే దాన్ని మరో ఫోనుకు తగిలించేవారు. అందుకే ప్రతి భాగం మీదా అది తయారైన ఏడాది ముద్ర విడిగా ఉంటుంది. ఈ ఫోనులో చెవి దగ్గర పెట్టుకునే భాగం లోపల 47, అడుగు పలక మీద 57 ఉన్నాయి. గోడకు తగిలించే ప్లగ్గు బ్రిటన్‌లో 1981లో వచ్చిన రకం. అంటే ఈ ప్లగ్గు తగిలించింది ఆ ఏడాదో, ఆ తర్వాతో.

ఇక డయల్. నాకు ఇష్టమైనది ఇదే, కాస్త ఓపిక పట్టండి. ఏడు అంకె దగ్గర వేలు పెట్టి తిప్పేటప్పుడు ఏమీ జరగదు. వేలు తీశాక, స్ప్రింగు లాగితే డయల్ వెనక్కి తిరుగుతుంది కదా, అసలు పని అప్పుడు. లైన్లో పారుతున్న కరెంటు ఏడుసార్లు తెగి అతుక్కుంటుంది. అవతల ఎక్స్ఛేంజిలో ఒక లోహపు చెయ్యి ఒక్కో తెగింపుకి ఒక్కో మెట్టు చొప్పున ఏడు మెట్లెక్కుతుంది. కాస్త పెద్ద విరామం వస్తే "ఈ అంకె అయిపోయింది" అని దానికి అర్థం. ఇదంతా సాగాలంటే సెకనుకు సుమారు పది తెగింపులే ఉండాలి. ఆ వేగాన్ని కాపాడేది డయల్ లోపల ఉండే గవర్నరు అనే భాగం. దాని చిన్న బరువులు తిరిగే కొద్దీ బయటికి విచ్చుకుని గిన్నె గోడకు రాసుకుంటాయి, వేగం పెరగనివ్వవు. సున్నా అంటే పది తెగింపులు, కాబట్టి సున్నా తిప్పి వదిలితే ఒక సెకను పైచిలుకులో డయల్ తన చోటికి రావాలి. సెల్‌ఫోనులో వీడియో తీసి లెక్కపెట్టవచ్చు. ఆలస్యమైతే లోపల జిడ్డు గట్టిపడిందన్నమాట. అలాగని నూనె పోయకండి. గవర్నరు గిన్నెలో నూనె పడితే రాపిడి పోయి డయల్ పరుగెత్తుతుంది.

అర్ధరాత్రి ఫోను దానంతటదే టింగుమంటే దెయ్యమని భయపడిన ఇళ్లున్నాయి. ఒకే లైను మీద పక్క గదిలో ఇంకో ఫోను ఉండి, అందులో ఎవరైనా డయల్ తిప్పితే ఈ తెగింపులే ఇక్కడి గంటను కదిలిస్తాయి.

డయల్ మీద అంకెలతోపాటు ఇంగ్లిషు అక్షరాలుంటే కాలమే కాదు, ఊరు కూడా కొంత తెలుస్తుంది. లండన్, మాంచెస్టర్ లాంటి కొన్ని పెద్ద నగరాల్లోనే ఎక్స్ఛేంజి పేరులోని మొదటి మూడు అక్షరాలు తిప్పేవారు. 1966 నుంచి వాటిని వదిలేస్తూ వచ్చారు. అయితే అక్షరాలు లేనంత మాత్రాన కొత్తదనుకోకండి, చిన్న ఊళ్లలో మొదటినుంచీ అంకెలే.

ఒంటి నలుపు బేకలైటుదే. బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త 1907లో కనిపెట్టిన ఆ పదార్థంలో చెక్కపొడి కలిపి అచ్చు పోస్తారు, రంగు ముదురుగానే వస్తుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది వేడెక్కాక వాసన చూస్తే ఫినాయిల్ జాడ తగులుతుంది. దంతపు రంగు ఫోనును బేకలైటని అమ్మితే నమ్మకండి, అది వేరే ప్లాస్టిక్.

ఫోను లైన్లో ఉండేది సుమారు 50 వోల్టుల డీసీ. గంట మోగేటప్పుడు మాత్రం సుమారు 75 వోల్టుల ఏసీ వస్తుంది, అప్పుడు తీగ కొసలు పట్టుకుంటే ఝల్లుమంటుంది. అంతకుమించి పెద్ద భయం లేదు. ఫోను తగిలించే ఇప్పటి ఇంటర్నెట్ రౌటర్లు చాలావాటికి ఈ తెగింపులు అర్థం కావు కాబట్టి, ఫోను మోగినా డయల్ పనిచెయ్యకపోవచ్చు.

దీపం అలా కాదు, అందులోకి వచ్చేది 230 వోల్టులు. గుడ్డ అల్లిక పైకి చక్కగా కనిపిస్తుంది గానీ, కరెంటును ఆపేది దాని కింద ఉన్న రబ్బరు. బల్బు వేడికి, ఏళ్ల గాలికి ఆ రబ్బరు ఎండి అప్పడంలా విరుగుతుంది. హోల్డరు విప్పి, తీగ లోపలికి వెళ్లే చోట చూడమన్నాను. గోధుమరంగు పొడి రాలింది, రాగి కనిపించింది. ఎరుపు, నలుపు తీగలు రెండే ఉన్నాయి, ఎర్త్ లేదు. బ్రిటన్‌లో దీపాల్లాంటి ఉపకరణాల తీగల రంగులు 1970 ప్రాంతంలో మారాయి, కాబట్టి ఈ తీగ అంతకుముందుది. మన ఇళ్లలో ఈ గుర్తు పనికిరాదు, గోడలో వేసే వైరింగుకి ఎరుపు, నలుపు ఇప్పటికీ వాడుతున్నాం. గుడ్డ తీగ కూడా అంతే, ఇస్త్రీపెట్టెలకు నేటికీ దొరుకుతోంది. పాత ఇస్త్రీపెట్టె, హీటరు తీగల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, వాటిని గీకడం గానీ కోయడం గానీ చెయ్యొద్దు.

ఇత్తడి దీపానికి ఎర్త్‌తో కలిపి మూడు తీగల కొత్త వైరు, కొత్త హోల్డరు, ప్లగ్గులో 3 ఆంపియర్ల ఫ్యూజు కావాలి. ఆపైన ఎలక్ట్రీషియన్ 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్షించి, ఇన్సులేషన్ కనీసం ఒక మెగాఓమ్ చూపిస్తేనే స్విచ్చు వెయ్యాలి. పాత తీగను పిల్ల అప్పుడే కత్తిరించి పారేసింది. ఫోనులో సున్నా తిప్పితే రెండు సెకన్లు పడుతోందట, వీడియో పంపింది.