కడపలో గంట, కువైట్‌లో గంట: ఇంటర్వ్యూ ట్రాకులు ఎందుకు జారతాయి

కడప ప్రాంతం నుంచి కువైట్ వెళ్లినవాళ్లు చాలామంది. వాళ్లతో ఆన్‌లైన్ కాల్‌లో మాట్లాడేటప్పుడు ఇక్కడి గొంతును ఇక్కడే, అక్కడి గొంతును అక్కడి ల్యాప్‌టాప్‌లోనే రికార్డు చేస్తే శబ్దం శుభ్రంగా ఉంటుంది. చిక్కంతా రెండు ఫైళ్లనూ కలిపేటప్పుడు వస్తుంది. మొదటి నమస్కారం దగ్గర అంతా సరిపోతుంది. యాభయ్యో నిమిషంలో మాత్రం "ఇంటికొచ్చి ఎన్నేండ్లయిందన్నా?" అన్న ప్రశ్నకు జవాబు కాస్త ఆగి వస్తుంది. వినేవాళ్లు ఆయన తటపటాయించాడనుకుంటారు. నిజానికి ఆయన వెంటనే చెప్పాడు. ఆలస్యం ఫైలుది.

ఈ చిక్కు ఇంటర్నెట్ కంటే పాతది. రేడియోవాళ్లు ఫోన్లో మాట్లాడుకుంటూ రెండు చోట్లా టేపు రికార్డర్లు నడిపే రోజుల్లో కూడా రెండు మోటార్లు ఒకే వేగంతో తిరిగేవి కావు. అయినా అది పెద్దగా బాధించలేదు. ఎడిటర్ ప్రతి జవాబునూ బ్లేడుతో కోసి ప్రశ్న వెనక అతికించేవాడు కాబట్టి, ఒక్కో అతుకు దగ్గరా తేడా మళ్లీ సున్నాకు వచ్చేది. సినిమావాళ్లకు ఆ వెసులుబాటు లేదు, పెదవులూ మాటా కలవాలి. మొదట కెమెరాకూ రికార్డరుకూ మధ్య కేబుల్ కట్టి వేగాన్ని జతచేశారు, తర్వాత రెండింటిలోనూ క్వార్ట్జ్ స్ఫటికం పెట్టి కేబుల్ తీసేశారు. 400 అడుగుల 16 ఎంఎం రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. అంతలో మంచి స్ఫటికాల మధ్య తేడా ఒక ఫ్రేము కూడా దాటదు.

ఇప్పటి ప్రతి సౌండ్ కార్డులోనూ గడియారంగా పనిచేసేది అలాంటి స్ఫటికమే, కానీ చౌకది. పది లక్షలకు కొన్ని పదుల వంతులు అటూఇటూ తిరుగుతుంది. పైగా మన రికార్డింగ్ గంటసేపు, కోత లేకుండా నడుస్తుంది.

52 నిమిషాల ఇంటర్వ్యూ తీసుకుందాం. మొదట్లోనూ చివర్లోనూ కడపవైపు మనిషి మూడేసి చప్పట్లు కొడతాడు, ఆ సమయంలో అతిథి తన ఇయర్‌ఫోన్‌ను మైకు దగ్గర పెడతాడు. ఇద్దరూ ఒకేసారి చప్పట్లు కొడితే ఉపయోగం లేదు, కాల్ ఆలస్యం వల్ల ఆ 'ఒకేసారి' ఇద్దరికీ ఒకటి కాదు. కడప ట్రాకులో మొదటి చప్పట్లకూ చివరి చప్పట్లకూ మధ్య 3120.000 సెకన్లు, కువైట్ ట్రాకులో 3120.390 సెకన్లు వచ్చాయనుకోండి. అక్కడి గడియారం కాస్త వేగం, అందుకే ఎక్కువ శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు, రాసింది, ఫైలు పొడవైంది. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే 1.000125. SoX అనే ఆడియో ప్రోగ్రాములో కువైట్ ఫైలు వేగాన్ని అంత పెంచి కుదించే ఆదేశం ఇది:

```
sox kuwait.wav kuwait-fix.wav speed 1.000125
```

ఇంత చిన్న మార్పుకు గొంతు శ్రుతిలో వచ్చే తేడా చెవికి అందదు. అయితే ఈ పని చేసే ముందు మధ్యలో కూడా రెండు ట్రాకుల్లోనూ పడిన ఒక శబ్దాన్ని గుర్తుగా చూడాలి. తేడా గడియారానిదే అయితే 26వ నిమిషంలో దాదాపు 0.195 సెకను ఉండాలి. కాల్ ఆలస్యమే కొద్దిగా మారుతుంటుంది కనుక కొన్ని పదుల మిల్లీసెకన్లు అటూఇటూ ఉన్నా ఫరవాలేదు. అక్కడ సున్నా ఉండి, 31వ నిమిషం తర్వాత ఒక్కసారిగా 0.39 కనబడితే అది జారుడు కాదు, దూకుడు. రికార్డింగ్ ఎక్కడో తడబడింది. దాన్ని సాగదీస్తే అప్పటిదాకా బాగున్న భాగం కూడా చెడుతుంది. ఆ చోట కోసి, మిగతాదాన్ని జరపడమే మందు. కాల్ సర్వీసే మనిషికొకటి చొప్పున ఇచ్చే ట్రాకుల్లో ఇలాంటి దూకుళ్లు ఎక్కువ, దారిలో పోయిన ప్యాకెట్ల వల్ల. ఇక తేడా నాలుగున్నర నిమిషాలుండి గొంతు బొంగురుగా వినిపిస్తే, సెకనుకు 48,000 శాంపిళ్లతో రాసిన ఫైలును 44,100గా చదువుతున్నారని అర్థం. ఆ అంకె సరిచేస్తే చాలు.

అతిథి ఇయర్‌ఫోన్ లేకుండా స్పీకర్లో వింటే కడప గొంతు ఆయన మైకులోకీ దూరుతుంది. మన లెక్కలోని జారుడు నాలుగు నిమిషాల్లో 30 మిల్లీసెకన్లకు చేరుతుంది. ఆ దరిదాపుల్లోనే చెవి రెండు ట్రాకుల్లోని అదే గొంతును రెండుగా పట్టడం మొదలుపెడుతుంది, అదే ప్రతిధ్వని. కాబట్టి జారుడు సరిచేశాక, ఆయన మాట్లాడని చోట్ల ఆ ట్రాకును 12 నుంచి 15 డెసిబెల్స్ తగ్గించాలి. పూర్తిగా మూసేస్తే గదిలోని ఫ్యాన్ హోరు వస్తూ పోతూ ఉన్నట్టు వినబడుతుంది.

గొంతుల సమతూకం ఆ తర్వాతి పని. వేవ్ ఫారం ఎత్తును చూసి సరిచేస్తే మోసపోతాం. ఒక్క దగ్గు కూడా దాన్ని పెద్దదిగా చూపిస్తుంది. ఒక్కో ట్రాకును లౌడ్‌నెస్ మీటరుతో విడిగా కొలిచి, ఇద్దరినీ ఒకే అంకెకు తేవాలి. ఆ మీటరు నిశ్శబ్దాన్ని వదిలేసి లెక్కిస్తుంది, అందువల్ల తక్కువ మాట్లాడినవారికి అన్యాయం జరగదు. కలిపిన స్టీరియో ఫైలు అదే మీటరు కొలతలో −16 LUFS దగ్గర ఉంటే ఫోన్లో వినడానికి సరిపోతుంది. చివరగా 50వ నిమిషం దగ్గర ఇద్దరూ ఒకేసారి నవ్విన చోటు వెతికి, హెడ్‌ఫోన్‌లో వినాలి. నవ్వులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది.