ఓజివ్ వక్రం మీద మధ్యగతం, చతుర్థాంశాలు: అపోహలు - వాస్తవాలు

పదో తరగతికి సాంఖ్యక శాస్త్రం చెప్పేటప్పుడు గానీ, జవాబు పత్రాలు దిద్దేటప్పుడు గానీ నాకు ఎక్కువగా ఎదురయ్యేవి లెక్కలో తప్పులు కావు. సంచిత పౌనఃపున్యాలు అందరూ సరిగ్గానే కూడతారు. వాటిని గ్రాఫ్ కాగితం మీద ఓజివ్ వక్రంగా గీసేటప్పుడే తేడా వస్తుంది. దానికి కారణమైన నమ్మకాలను ఒకే ఉదాహరణతో చూద్దాం.

80 ఇళ్లలో ఒక నెల కరెంటు వాడకం ఇలా ఉందనుకోండి.

| యూనిట్లు | ఇళ్లు | సంచిత పౌనఃపున్యం |
|---|---|---|
| 0–50 | 4 | 4 |
| 50–100 | 10 | 14 |
| 100–150 | 20 | 34 |
| 150–200 | 24 | 58 |
| 200–250 | 14 | 72 |
| 250–300 | 8 | 80 |

అపోహ: బిందువును తరగతి మధ్య విలువ దగ్గర పెట్టాలి

పౌనఃపున్య బహుభుజి గీసిన చేతికి ఇది అలవాటుగా వచ్చేస్తుంది. అక్కడ మధ్య విలువలే తీసుకుంటాం, కాబట్టి ఇక్కడా అదే అనుకుంటారు. కానీ 34 అనే సంఖ్య ఏం చెబుతోందో మాటల్లో చెప్పి చూడండి: "34 ఇళ్లు 150 యూనిట్లకు లోపు వాడాయి." ఆ వాక్యంలో ఉన్నది 150, 125 కాదు. 125 దగ్గరికి వచ్చేసరికి ఆ తరగతిలోని 20 ఇళ్లూ అయిపోయాయని మనం ఎలా అనగలం? అందుకే ఆరోహణ వక్రంలో బిందువులు ఎగువ హద్దుల దగ్గరే పడాలి: (50, 4), (100, 14), (150, 34), (200, 58), (250, 72), (300, 80). మొదట్లో (0, 0) కూడా పెట్టాలి. సున్నా కంటే తక్కువ వాడిన ఇల్లు లేదు కదా.

ఇప్పుడు y-అక్షం మీద 80లో సగమైన 40 దగ్గర నుంచి అడ్డంగా వక్రం దాకా వెళ్లి, అక్కడి నుంచి కిందికి దిగితే 162.5 దగ్గర x-అక్షాన్ని తాకుతాం. అదే మధ్యగతం. 20 దగ్గర నుంచి వెళ్తే మొదటి చతుర్థాంశం 115, 60 దగ్గర నుంచి వెళ్తే మూడో చతుర్థాంశం సుమారు 207.

మధ్య విలువల దగ్గర బిందువులు పెట్టిన పిల్లవాడికి 137.5, 90, 182 వస్తాయి. మూడూ సరిగ్గా 25 యూనిట్లు, అంటే తరగతి పొడవులో సగం, ఎడమకు జరిగాయి. ఈ తప్పు ఎంత నిశ్శబ్దంగా దాక్కుంటుందంటే, చతుర్థాంశాల మధ్య తేడా మాత్రం రెండు పద్ధతుల్లోనూ 92 యూనిట్లే వస్తుంది. వక్రం ఆకారం కూడా ఏమీ మారదు. చూడగానే పట్టుకోవాలంటే వక్రం పై చివరను చూడాలి. అది 300 దగ్గర 80ని చేరాలి. 275 దగ్గరే చేరిందంటే, 275 దాటి వాడిన ఇల్లే లేదని ఆ గ్రాఫ్ చెబుతోందన్నమాట. పట్టికలో అలాంటి మాటెక్కడా లేదు.

తరగతులు 1–50, 51–100 అని విడివిడిగా ఉంటే హద్దు 50.5 అవుతుంది. వయసుల పట్టికకు మాత్రం ఈ అర కలపడం పనికిరాదు. "10–19 ఏళ్లు" అన్నప్పుడు 19 నిండి ఇంకా 20 రానివాళ్లు కూడా అందులోనే ఉంటారు, కాబట్టి ఎగువ హద్దు 20, 19.5 కాదు. ఆ సంఖ్యను ఎలా కొలిచారో తెలుసుకోకుండా హద్దు తేల్చలేం.

అపోహ: x-అక్షాన్ని నాలుగు సమాన భాగాలు చేస్తే చతుర్థాంశాలు వస్తాయి

అలా చేస్తే 75, 150, 225 వస్తాయి. చతుర్థాంశాలు పంచేది ఇళ్లను, యూనిట్లను కాదు. ఇళ్లు ఉన్నది y-అక్షం మీద. కాబట్టి సమానంగా పంచాల్సింది ఆ నిలువు అక్షాన్నే. మన వక్రంలో 115 నుంచి 207 దాకా ఉన్న ముక్కలో 40 ఇళ్లు ఉన్నాయి. వక్రం అక్కడ నిటారుగా లేస్తుంది కాబట్టి తక్కువ వెడల్పులోనే అన్ని ఇళ్లు ఇమిడాయి.

ఇక్కడే మరో అనుమానం వస్తుంది: మధ్యగతానికి మొత్తం ఇళ్ల సంఖ్య n లో సగం 40 తీసుకోవాలా, n+1 లో సగం 40.5 తీసుకోవాలా? తరగతులుగా చేసిన దత్తాంశానికి n/2 చాలు. మన ఉదాహరణలో ఆ అర వల్ల వచ్చే తేడా ఒక్క యూనిట్. దాని గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు.

అపోహ: రెండు వక్రాలూ గీస్తే మరింత కచ్చితమైన మధ్యగతం వస్తుంది

అవరోహణ వక్రాన్ని దిగువ హద్దుల దగ్గర గీస్తాం: (0, 80), (50, 76), (100, 66), (150, 46), (200, 22), (250, 8). ఏ x దగ్గర చూసినా రెండు వక్రాల ఎత్తులు కలిపితే 80 రావాలి. అవి సమానమయ్యే చోట ఒక్కోటీ 40 అవుతుంది. అంటే ఖండన బిందువు మనకు ముందే తెలిసిన n/2 ఎత్తులోనే ఉంటుంది, కొత్త సమాచారమేమీ ఇవ్వదు. కానీ సరిచూసుకోవడానికి చాలా బాగా పనికొస్తుంది. అది 40 ఎత్తులో పడలేదంటే ఏదో ఒక బిందువు తప్పు. ఖండన బిందువు (162.5, 40) అని సరిగ్గా రాసి, మధ్యగతం 40 అని ముగించే పిల్లలు ప్రతి ఏటా ఉంటారు. మధ్యగతం యూనిట్లలో ఉండాలి, ఇళ్లలో కాదు. ఇంకో జాగ్రత్త: అవరోహణ వక్రం మీద 20 దగ్గర నుంచి దిగితే వచ్చేది మూడో చతుర్థాంశం, మొదటిది కాదు.

అపోహ: సూత్రం ఇచ్చేదే అసలు విలువ, గ్రాఫ్ ఉజ్జాయింపు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే టీచర్లలో కూడా ఇది ఉంది. మధ్యగతం సూత్రం చూడండి:

L + ((n/2 − cf) / f) × h

150 + ((40 − 34) / 24) × 50 = 162.5. గ్రాఫ్‌లో (150, 34), (200, 58) బిందువులను స్కేలుతో కలిపితే, ఆ గీత మీద 40 ఎత్తులో ఉండే బిందువు కూడా ఇదే. సరూప త్రిభుజాలతో ఒక్క నిమిషంలో తేలుతుంది. సూత్రం వేరే నిజమేమీ కాదు, ఆ సరళరేఖనే బీజగణితంలో రాశాం.

చేత్తో నున్నగా గీస్తే విలువ కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. 1 సెం.మీ.కు 50 యూనిట్ల స్కేలు తీసుకుంటే ఒక మిల్లీమీటరు 5 యూనిట్లు. పెన్సిల్ గీత మందమే రెండు మూడు యూనిట్లు తినేస్తుంది. అందుకే 160 నుంచి 165 మధ్య ఏది రాసినా నేను మార్కులు వేస్తాను. గ్రాఫ్ చూసి 162.5 అని దశాంశంతో రాశారంటే ముందే సూత్రంతో లెక్క కట్టారని అర్థమైపోతుంది.

అయితే సూత్రానికీ గీతకూ ఉమ్మడిగా ఒక ఊహ ఉంది: తరగతిలోని 24 ఇళ్లూ 150 నుంచి 200 దాకా సమానంగా పరుచుకున్నాయని. అది నిజమో కాదో పట్టికలో ఎక్కడా కనిపించదు. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. ఆ పరిమితి దాటకుండా జాగ్రత్తపడే ఇళ్లు ఎక్కువుంటే ఆ 24లో చాలా మటుకు 190 పైన గుంపుగా ఉండొచ్చు. అప్పుడు అసలు మధ్యగతం 190కి దగ్గరగా ఉన్నా గ్రాఫ్ 162 అనే చూపిస్తుంది. ఈ పట్టిక నుంచి గట్టిగా చెప్పగలిగేది మధ్యగతం 150కీ 200కీ మధ్య ఉందని మాత్రమే. అంతకంటే కావాలంటే మొత్తం 80 బిల్లులూ అక్కర్లేదు. ఆ తరగతిలోని 24 ఇళ్ల రీడింగులు తెప్పించి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేర్చి, ఆరోదీ ఏడోదీ చూస్తే సరిపోతుంది. మొత్తం వరుసలో 40, 41 స్థానాలు వాటివే, ఆ రెండింటి సగటే అసలు మధ్యగతం.