‘కూడదు’ ఎక్కడి నుంచి వచ్చింది?

మేనరికాల వల్ల పిల్లలకు జన్యువ్యాధుల ముప్పు పెరుగుతుందని సైన్సు తేల్చింది కదా, అలాంటప్పుడు మేనరికం తప్పని కూడా సైన్సే రుజువు చేసినట్టు కాదా అని ఒక పాఠకుడు అడిగారు.

మేనత్త కొడుకును పెళ్లాడిన స్త్రీకి పుట్టిన బిడ్డలో, లింగ క్రోమోజోములను పక్కన పెడితే, ఏ జన్యువును తీసుకున్నా దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి దిగివచ్చే సంభావ్యత 1/16. మేనమామను పెళ్లాడితే అది 1/8. రెండు ప్రతుల్లోనూ లోపం ఉంటే తప్ప బయటపడని వ్యాధుల ముప్పు అందువల్ల పెరుగుతుంది.

ఇంతవరకు చెప్పినదానిలో ‘కూడదు’ అనే మాట ఎక్కడా లేదు. ‘మేనరికం చేసుకోకూడదు’ అనాలంటే ‘తప్పించగలిగిన ముప్పును పిల్లల నెత్తిన పెట్టకూడదు’ అనే వాక్యాన్ని మనమే చేర్చుకోవాలి. అది మనకు ఎంత సహజంగా తోస్తుందంటే, చేర్చిన సంగతి కూడా గమనించము. బయటికి తీసి చూస్తే మాత్రం, నలభై దాటాక పిల్లల్ని కనడాన్ని కూడా అదే వాక్యం నిషేధిస్తుంది. తల్లి వయసుతోపాటు డౌన్ సిండ్రోమ్ ముప్పు పెరుగుతుంది కనుక. అక్కడికి వచ్చేసరికి చాలామంది తటపటాయిస్తారు. గ్రహణం పూట తినకూడదనేవారిది ఈ చిక్కు కాదు: ‘విషం తినకూడదు’ అనే వారి సూత్రం సబబే, అన్నం విషమవుతుందన్న వాస్తవవాక్యమే అబద్ధం.

‘ఉంది, లేదు’ అంటూ సాగిన రచయితలు చెప్పాపెట్టకుండా ‘ఉండాలి, ఉండకూడదు’లోకి జారిపోతారని స్కాట్లండ్ తాత్వికుడు డేవిడ్ హ్యూమ్ 1740లో ఎత్తిచూపాడు. వాస్తవం నుంచి నీతిని రాబట్టలేమన్న ఈ వాదానికి న్యూజీలాండ్ తర్కవేత్త ఆర్థర్ ప్రయర్ 1960లో ఒక గడుసు అభ్యంతరం తెచ్చాడు. ‘ఇంగ్లండులో టీ తాగడం మామూలు’ అన్నది నిజమైతే, ‘ఇంగ్లండులో టీ తాగడం మామూలు, లేదా న్యూజీలాండ్ వాళ్లందరినీ కాల్చేయాలి’ అన్నది కూడా నిజమే, ఎందుకంటే ‘లేదా’కు ఒక పక్క నిజమైతే చాలు. ఈ రెండో వాక్యం నైతికమైనదైతే, వాస్తవం నుంచి నీతి పుట్టినట్టే. కాదు, అది కూడా వాస్తవవాక్యమే అంటారా? దానికి ‘ఇంగ్లండులో టీ మామూలు కాదు’ అన్నది జోడించండి, ‘కాల్చేయాలి’ అన్న నీతివాక్యం మిగులుతుంది.

ఈ ముడిని 1989లో తాత్వికుడు చార్ల్స్ పిగ్డెన్ విప్పిన తీరు నాకు ఎంతో ఇష్టం. మొదటి నిగమనంలో ‘కాల్చేయాలి’ని తీసేసి ‘ముళ్లపందులు’ అని పెట్టినా తర్కం చెక్కుచెదరదు. అంటే ఆ నైతికపదం అక్కడ ఊరికే కూర్చుంది. రెండోదానిలో అది నిజంగానే పని చేస్తుంది, కాని అప్పటికే ఆధారవాక్యంలోనూ పని చేస్తోంది.

ఈ పరీక్షను మన ప్రశ్నకు పెట్టి చూడండి. కేవలం 1/16 నుంచి ‘మేనరికం చేసుకోకూడదు’ అన్నది తార్కికంగా వస్తే, ‘మేనరికం చేసుకున్నవారు ముళ్లపందులు’ అన్నది కూడా రావాలి. రాదు. అలాగని నీతి భ్రమ అని దీనితో తేలిపోదు: ముళ్లపందుల ప్రస్తావన లేని ఆధారాల నుంచి ముళ్లపందుల గురించి, ఆ మాట ఊరికే కూర్చోకుండా, ఏదీ నిగమించలేము, అయినా అవి లేవని ఎవరూ అనరు.