డాక్టర్ ముందు బుద్ధిగా ఉన్న బీపీ

హన్మకొండలో ఒకే సాయంత్రం మా అత్తమ్మను, బావను బీపీ చూపించడానికి తీసుకెళ్లాను. అత్తమ్మది 164/92, బావది 128/82. ఇంటికొచ్చేసరికి తీర్పు అయిపోయింది, అత్తమ్మకు పచ్చళ్లు బంద్, బావకు ఏ అడ్డూ లేదు. నెల తిరక్కముందే రెండూ తారుమారయ్యాయి.

అత్తమ్మకు డాక్టర్ వెంటనే మాత్ర రాయలేదు. ఆమెకు ఆస్పత్రి మెట్లెక్కితేనే గుండె దడ. ఇది ఆమె ఒక్కదాని సంగతి కాదు. ఇటలీలో మాన్సియా అనే డాక్టరూ ఆయన బృందమూ 1983లో, రోగుల ధమనిలోనే సన్నని గొట్టం పెట్టి రోజంతా బీపీ నమోదు చేస్తూ, మధ్యలో డాక్టర్‌ను మంచం దగ్గరికి పంపి చూశారు. డాక్టర్ వచ్చిన మొదటి నాలుగు నిమిషాల్లోనే పై అంకె సగటున 27 దాకా, కింది అంకె 15 దాకా ఎగిరింది. అలా ఆస్పత్రిలో మాత్రమే ఎక్కువ చూపించే దాన్నే వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అంటారు.

అందుకని ఏడు రోజులు ఇంట్లో చూడమన్నారు. మిషన్ మణికట్టుది కాదు, భుజానికి పట్టీ కట్టేది, పట్టీ కూడా చేతి లావుకు సరిపోయేది, ఎందుకంటే పట్టీ బిగుతైతే లేని బీపీని ఉన్నట్టు చూపిస్తుంది. పొద్దున మాత్రలు, చాయ్ కాకముందు ఒకసారి, రాత్రి ఒకసారి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి (అత్తమ్మకు ఇదే కష్టమైంది), తర్వాత నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. మొదటి రోజు లెక్కలు తీసేసి మిగతా ఆరు రోజుల సగటు తీస్తే 127/76 వచ్చింది. ఇంట్లో హద్దు 135/85, ఆస్పత్రిలో 140/90, రెండూ ఒకటి కాదని చాలామందికి తెలియదు.

మిషన్ ఇంట్లో ఉంది కదా అని బావ కూడా కట్టుకున్నాడు. 146/90. "మిషన్ ఖరాబైంది" అన్నాడు. అత్తమ్మకు సరిగ్గా చూపించే మిషన్ ఆయనకే ఎందుకు ఖరాబైతది? పైగా పుస్తకంలో 134 అని రాసుకున్న పూట మిషన్ మెమరీలో 149 ఉంది, బాగున్న అంకె వచ్చేదాకా కట్టుకుంటూ అదొక్కటే రాసుకున్నాడన్నమాట. ఇది చాలామంది చేసే పనే, అందుకే డాక్టర్లు పుస్తకం కంటే మెమరీ అడుగుతారు.

ఈ రెండో రకం మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్, అంటే ముసుగు వేసుకున్న బీపీ. బావ ఎనుమాముల మార్కెట్లో గుమస్తా. మిర్చి సీజన్‌లో తెల్లారకముందే యార్డులో ఉంటాడు, కాంటాల దగ్గర అరుపులు, గంటకో సిగరెట్. ఆస్పత్రిలో మాత్రం అరగంట ఏసీలో ఊరికే కూర్చున్నాడు, సిగరెట్ లేదు, టెన్షన్ లేదు. ఆ అరగంట బీపీనే డాక్టర్ చూశారు. నా లెక్కలో రెండిట్లో ప్రమాదం దీనిదే, ఎందుకంటే గుండెకు, మెదడుకు ముప్పు మామూలు హైబీపీకి దగ్గరగానే ఉంటుంది, కానీ మాత్ర రాసేవాళ్లు ఉండరు.

డాక్టర్ ఆయనకు 24 గంటల మిషన్ కట్టారు. భుజానికి పట్టీ, నడుముకు చిన్న పెట్టె, పగలు 20 నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి దానంతటదే బిగుస్తుంది, అప్పుడు చెయ్యి కదపకుండా ఆగాలి. స్నానం లేదు. యార్డుకు సెలవు పెడతానంటే డాక్టర్ వద్దన్నారు, మామూలు రోజే కావాలి. ఎప్పుడు పడుకున్నాడో, ఎప్పుడు లేచాడో కాగితం మీద రాయమన్నారు. చెయ్యి కదిలి కొన్ని లెక్కలు పోతూనే ఉంటాయి, నూటికి 70 అన్నా దక్కితేనే రిపోర్ట్‌ను నమ్ముతారు.

పగటి సగటు 148/92, రాత్రిది 138/84. పగటి హద్దు 135/85, రాత్రి హద్దు 120/70. పగటి కన్నా రాత్రి అంకె ఎక్కువ తేడా కొట్టింది చూడండి. నిద్రలో బీపీ మామూలుగా నూటికి పది నుంచి ఇరవై వంతులు దిగాలి, 148లో పది వంతులంటే దాదాపు 15, బావకు దిగింది పదే. ఇంటి మిషన్ ఎన్ని రోజులు కట్టినా ఇది కనపడదు, నిద్రపోతూ బీపీ ఎవరు చూసుకుంటారు?

రిపోర్ట్ చూస్తూ డాక్టర్ బీపీ సంగతి వదిలేసి అక్కను అడిగారు, "ఈయన గురక పెడతారా?"

"గురకనా? నడుమ నడుమ ఊపిరే ఆగుతది సార్, నేనే తట్టి లేపుత."

నిద్రలో ఊపిరి ఆగినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోతుంది, శరీరం ఉలిక్కిపడి రక్తనాళాలను బిగిస్తుంది, ఇక బీపీ దిగేదెప్పుడు? బావకు మాత్ర మొదలైంది, నిద్ర పరీక్ష కూడా రాశారు.

అత్తమ్మకు మాత్ర లేదు, ఏడాదికోసారి ఇదే వారం లెక్క మళ్లీ చూడమన్నారు, వైట్ కోట్ రకం కొందరిలో కొన్నేళ్లకు అసలు బీపీగా మారుతుందట. పచ్చళ్ల మీద నిషేధం ఎత్తేస్తారేమోనని ఆశగా అడిగింది. ఎత్తేయలేదు.