చూడని కవితకు సొంత మాటల్లో జవాబు: అపోహలు, వాస్తవాలు

కావలి, అల్లూరు ప్రాంతాల పిల్లలకు భాషా పాఠాలు చెబుతుంటాను. పరీక్షలు దగ్గర పడేకొద్దీ తల్లిదండ్రులు ఒకే ప్రశ్నతో వస్తారు. "సార్, కవితలో ఉండే మాట ఒక్కటి వాడినా మార్కులు కోస్తారంట గదా? మరి మా వాడు ఎట్ట రాయాల?" ఈ పుకారును ఎవరు పుట్టించారో గానీ, అపరిచిత కవిత ప్రశ్నల్లో పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. తెలుగు పేపరైనా ఇంగ్లీషు పేపరైనా అంతే. అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

క్లాసులో సాధన కోసం నేను రాసిచ్చిన పంక్తులు ఇవి:

ఎండ ముదిరితే అమ్మ ముఖం విచ్చుకుంటుంది.
ఉప్పుమడి తెల్లగా నవ్వుతుంది.
మబ్బు కనబడితే మా వీధి మాట్లాడదు.
నిన్న వాన పాడుకుంటూ వచ్చింది,
నెల్లాళ్ల తెల్లదనాన్ని నీళ్లలో కలిపి
పాడుకుంటూనే పోయింది.
అమ్మ పార కడిగి గోడకు ఆనించింది.

అపోహ: సొంత మాటలంటే ప్రతి మాటకూ ఇంకో మాట పెట్టడం

చివరి నాలుగు పంక్తుల భావం సొంత మాటల్లో రాయమంటే, తరగతిలో సగం మంది దాదాపు ఇలా రాస్తారు: "నిన్న వర్షము గానము చేయుచూ వచ్చినది. ముప్పది దినముల శ్వేతత్వమును జలములో కలిపి గానము చేయుచూనే వెళ్లినది. తల్లి పారను శుభ్రపరచి గోడకు ఆనించినది."

మాటలు చాలావరకు మారాయి. భావం ఒక్కటీ బయటికి రాలేదు. కరిగిపోయింది ఏమిటి? నష్టం ఎవరికి? తల్లి పార ఎందుకు కడిగింది? ఇవేవీ ఈ జవాబులో లేవు. రాసిన బిడ్డకు కవిత అర్థమైందో లేదో దిద్దేవాళ్లకు తెలిసే దారే లేదు. మార్కు పోయేది ఇక్కడ. "వాన" అని రాసినందుకు కాదు.

వాస్తవం ఏమిటంటే, వస్తువుల పేర్లు మార్చనక్కర్లేదు. వాన, ఉప్పు, పార, అమ్మ అన్న మాటల్ని అలాగే ఉంచొచ్చు. విప్పి చెప్పాల్సింది కవి మెలితిప్పి వాడిన మాటల్ని. పై కవితలో అలాంటివి "నెల్లాళ్ల తెల్లదనం", "పాడుకుంటూ". తెల్లదనం అంటే నెలపాటు ఎండలో నిలబడి పోగుచేసిన ఉప్పు, దానితో వచ్చే డబ్బు. పాడుకుంటూ అంటే ఇక్కడ జరిగిన నష్టం వానకు పట్టలేదని. చదవగానే ఈ రెంటి కింద పెన్సిలుతో గీత గీయమంటాను. జవాబులో ఆ గీతలు పడ్డ మాటలు విప్పకుండా ఉంటే అది ఇంకా సొంత మాటల్లోకి రానట్టే.

తర్వాత కవితను చేత్తో మూసేయాలి. ఇంట్లో నాయనమ్మ "ఏం జరిగిందిరా?" అని అడిగితే ఏం చెబుతారో అది మనసులో అనుకోవాలి. అనుకున్నది రాసి, మళ్లీ కవిత తెరిచి, ప్రతి వాక్యానికీ పైన ఆధారం ఉందో లేదో చూసుకోవాలి. అలా రాసిన జవాబు ఇలా ఉంటుంది: "ఉప్పు పండించే ఇంట్లో నెల రోజుల కష్టం ఒక్క వానకు కరిగిపోయింది. ఆ నష్టంతో తనకేమీ సంబంధం లేనట్టు వాన వచ్చి వెళ్లింది. తల్లి ఎవరినీ తిట్టలేదు. ఇక ప్రస్తుతానికి చేసే పని లేక పనిముట్టును పక్కన పెట్టింది." వాన, పని, తల్లి అన్నీ మామూలు మాటలే. రెండు మార్కులకు ఇంతకన్నా అక్కర్లేదు.

ఆ చివరి పంక్తికి ఇంకో అర్థమూ నిలుస్తుంది. పార కడగడమంటే రేపు మళ్లీ మొదలుపెట్టడానికి సిద్ధం చేసుకోవడమని ఒక కుర్రాడు రాశాడు. కడిగి దాచుకున్నారంటే మళ్లీ వాడతారనేగా అని కారణం కూడా చెప్పాడు. దానికీ పూర్తి మార్కులు వేశాను. "ప్రభుత్వం ఉప్పు రైతులను ఆదుకోవాలి" అని రాసినదానికి మాత్రం వేయలేదు. మాట మంచిదే, కవితలో లేదు.

ఇక్కడ ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. వాళ్లమ్మ ఉప్పు మడుల్లో పనికి పోతుంది. ఈ కవితకు ఆ పిల్ల రాసిన జవాబు: "వాన రాకతో ప్రకృతి పులకించింది. కవి ఆనందాన్ని వర్ణించాడు." ఎవరో ఇచ్చిన నోట్సులో వాన అంటే ఆనందం, చీకటి అంటే దుఃఖం, ఎరుపు అంటే కోపం అని పట్టిక ఉందట. దాన్ని కంఠస్థం చేసింది. దగ్గర కూర్చోబెట్టుకుని, "అమ్మా, మీ ఇంట్లో ఎండాకాలం వాన పడితే ఎట్టుంటాది?" అని అడిగాను. "ఆ రోజు మాయమ్మ అన్నం సరిగా తినదు సార్" అంది. మరి అదే ఎందుకు రాయలేదంటే, "పరీక్షలో మన ఇంటి మాటలు రాయకూడదు గదా సార్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కవిత మొదటి పంక్తిలోనే ఎండకు అమ్మ ముఖం విచ్చుకుంటున్నదని ఉంది. అంటే ఈ కవితలో ఎండ మంచిది, వాన చెడ్డది. ఆ పట్టిక చేతిలో ఉన్నందువల్లే తనకు బాగా తెలిసిన సంగతి ఆ పిల్లకు కనపడలేదు. అలాంటి పట్టికలు మీ పిల్లల పుస్తకాల్లో ఉంటే చించేయండి. ఏ మాటకు ఏ అర్థమో ఆ కవితే చెబుతుంది.

అపోహ: టోన్ అంటే విషయం. విషయం బాధయితే టోన్ విషాదం

విషయం నష్టమే. కానీ టోన్ అంటే చెబుతున్న గొంతు. అది ఎలా ఉంది? ఏడుపు లేదు, తిట్టు లేదు, "అయ్యో" అన్న మాట కూడా లేదు. కాబట్టి "విషాదం" అని ఒక్క మాట రాస్తే సగమే సరి. "లోపల అణచుకున్న బాధ, పైకి నిబ్బరం" అని రాసి, "అమ్మ పార కడిగి" అన్న పంక్తిని చూపించాలి.

టోన్ దొరక్కపోతే ఒక మాట మార్చి చూడమంటాను. "పాడుకుంటూ" తీసేసి "ఉరుముకుంటూ" పెట్టండి. వాన శత్రువైపోతుంది, గొంతులో భయం, కోపం వస్తాయి. "పాడుకుంటూ" అన్నప్పుడు వానకు పగ లేదు, అందుకే ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు. ఆ తేడాయే జవాబు. ఇంకొకటి, టోన్ మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉండాలని లేదు. ఇందులో మొదటి రెండు పంక్తులు సంతోషం, మూడోది బెదురు, తర్వాత బాధ. ఎక్కడ మారిందో పంక్తి చూపి చెబితే జవాబు బలపడుతుంది.

మిగతావి, గబగబా

పదచిత్రం గురించి అడిగితే అలంకారం పేరు రాసి ఊరుకోవద్దు. "ఉప్పుమడి నవ్వుతుంది" అన్నచోట కంటికి ఏం కనబడుతోంది (ఎండలో మెరిసే తెల్లటి ఉప్పు), నవ్వుతో ఎందుకు పోల్చినట్టు (ఆ ఇంటి సంతోషం ఆ తెలుపులోనే ఉంది), ఈ రెండూ రాయాలి. పేరు అడిగితేనే పేరు.

పొడుగు జవాబుకు ఎక్కువ మార్కులన్నది వట్టి మాట. కవి పేరు తెలియకపోతే జవాబు రాదన్నదీ అంతే.

తెలియని మాట ఎదురైతే ఆగిపోవద్దు. ఉప్పుమడి అంటే ఏమిటో ఎన్నడూ చూడని ఉదయగిరి వైపు పిల్లలు కూడా, ఎండ కావాలి, వాన వద్దు, తెల్లగా ఉంటుంది, నీళ్లలో కలిసిపోతుంది అన్న నాలుగు ఆనవాళ్లతో దాన్ని పట్టుకున్నారు. అప్పటికీ తేలకపోతే ఆ పంక్తి వదిలి ముందుకు పోయి, చివరిదాకా చదివి వెనక్కి రావాలి.